635 చుట్టూ ఎర్ర సున్నా: ఒక మురుకుల పాకెట్ మీద పుకారుకు జవాబు చెప్పిన కేసు

కార్తీక మాసం, రెండో గురువారం రాత్రి తొమ్మిదిన్నర. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోని ఒక హోల్‌సేల్ వ్యాపారి తన ఫోన్‌కు వచ్చిన ఫోటోను మా క్లయింటుకు పంపారు. పది రూపాయల మసాలా మురుకుల పాకెట్, వెనక వైపు. పదార్థాల జాబితా చివర్లో ‘ఫ్లేవర్ ఎన్‌హాన్సర్ (ఐఎన్ఎస్ 635)’ అన్న మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు. కింద నాలుగు ముక్కలు: ‘635 అంటే పంది కొవ్వు. ఆకుపచ్చ చుక్క పెట్టి మనచేత తినిపిస్తున్నారు. కార్తీకంలో జాగ్రత్త. పది మందికి పంపండి.’

వాట్సాప్‌లో ఒక సందేశం ఐదు చేతులు దాటి వస్తే దాని పైన రెండు బాణాల గుర్తు పడుతుంది. ఈ ఫోటో మీద ఆ గుర్తు అప్పటికే ఉంది. అంటే అది మా దాకా వచ్చేసరికే ఊరు తిరిగింది.

నేను పదకొండేళ్లుగా నెల్లూరు, ఒంగోలు వైపు చిన్న ఆహార కంపెనీలకు ప్యాకెట్ల మీది మాటలు, ప్రచారం, ఫిర్యాదులకు జవాబులు చూస్తున్నాను. ఈ కంపెనీ వాళ్లు పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. కోవూరు దగ్గర ఒక షెడ్డు, నలభై మంది పనివాళ్లు, కావలి నుంచి ఒంగోలు దాకా కిరాణా కొట్లకు లైన్ సేల్స్. మురుకులు, కారప్పూస, మిక్చర్, కొత్తగా కేక్ రస్కు. యజమానిని అందరూ అన్నా అనే పిలుస్తారు, నేనూ అంతే.

శుక్రవారం పొద్దున నేను వెళ్లేసరికే ఒక పొరపాటు జరిగిపోయింది. రాత్రి పన్నెండు గంటలకు అన్న కొడుకు కోపంలో ఆ ఎర్ర సున్నా ఫోటోనే తీసుకుని, దాని మీద అడ్డంగా ‘నకిలీ’ అని పెద్ద అక్షరాలు వేసి, ‘మా ఉత్పత్తుల్లో ఎలాంటి కెమికల్స్ లేవు, ఇలా ప్రచారం చేసేవారిపై కేసు పెడతాం’ అని రాసి కంపెనీ ఫేస్‌బుక్ పేజీలోనూ డీలర్ల గ్రూపులోనూ పెట్టాడు. ఆ అబ్బాయి బాధ నాకు అర్థమైంది. కానీ అందులో మూడు తప్పులున్నాయి. ఒకటి, పుకారు వినని ఊళ్లక్కూడా దాన్ని మేమే మోసుకెళ్లాం. సింగరాయకొండ కొట్లలో ఆ మాట మొదట తెలిసింది మా పోస్టు వల్లే. రెండు, ‘కేసు పెడతాం’ అన్నది పుకారు పుట్టించినవాడికి తగల్లేదు, భయపడి అడిగిన మామూలు ఆడవాళ్లకు తగిలింది. మూడోది అన్నిటికన్నా పెద్దది. ‘ఎలాంటి కెమికల్స్ లేవు’ అన్న మాట అబద్ధం. ఫ్లేవర్ ఎన్‌హాన్సర్ ఉందని మన పాకెట్టే చెబుతోంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం 53వ సెక్షన్ ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. నిజం మనవైపు ఉన్న చోట మనమే అబద్ధం ఆడి నిలబడ్డాం.

పోస్టు తీసేయించాను. ఊరికే తీసేస్తే దొంగచాటు అవుతుంది కాబట్టి, ఆ చోటే ఒక చిన్న ప్రకటన పెట్టాం: ‘రాత్రి పెట్టిన పోస్టులో కెమికల్స్ లేవని రాయడం మా పొరపాటు. మసాలా మురుకుల్లో 635 ఉంది, పాకెట్ మీదే రాశాం. అది దేన్నుంచి తీశారో కాగితాలు మళ్లీ సరిచూస్తున్నాం. సోమవారం సాయంత్రం 5 గంటలకు ఇక్కడే చూపిస్తాం.’ అంతే. శాకాహారమని ఆ రోజు రాయలేదు. అన్న చాలా పట్టుబట్టారు.

‘ఎట్టా సార్, ఆకుపచ్చ చుక్క వేసే అమ్ముతుండాం గదా, వెజ్ అని ఒక్క మాట రాస్తే ఏం పోతది?’

‘అన్నా, ఆ మాట మీకు ఎవరు చెప్పారు?’

‘మసాలా ఇచ్చేవాడు చెప్పాడు.’

‘వాడికి ఎవరు చెప్పారు?’

ఆయన ఆగిపోయారు. ఈ కేసంతా ఆ ప్రశ్న చుట్టూనే నడిచింది.

అసలు 635 ఏమిటో ముందు చెప్పాలి. ఐఎన్ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ప్రపంచమంతా వాడే నంబర్ల వరుస. అందులో 635 పూర్తి పేరు డైసోడియం రైబోన్యూక్లియోటైడ్స్. 627, 631 అనే రెండు లవణాల కలయిక. నాలుక మీద కమ్మదనాన్ని ఎక్కువ చేసి చూపించే తెల్లటి పొడి. 1913లో జపాన్‌లో షింతారో కొదామా అనే శాస్త్రవేత్త ఎండబెట్టిన బోనిటో చేపలో కమ్మదనానికి కారణం వెతుకుతూ ఇనోసినిక్ ఆమ్లాన్ని గుర్తించాడు. 631 దాని లవణమే. అంటే ఈ పదార్థం కథ మొదలైందే చేపతో. తర్వాతి కాలంలో పిండిపదార్థాలను, చక్కెరను సూక్ష్మజీవులతో పులియబెట్టి దీన్ని తీసే పద్ధతి వచ్చింది, ఇప్పుడు ఎక్కువగా అలానే చేస్తారు. కానీ చేప నుంచి, మాంసం నుంచి తీయడమూ సాధ్యమే. ఏ దారిన వచ్చినా చివర్లో వచ్చే పొడి ఒకటే, పాకెట్ మీద పడే నంబరు ఒకటే.

అందువల్ల ‘635 అంటే పంది కొవ్వు’ అన్నది తప్పు. అది నీళ్లలో కరిగే లవణం, కొవ్వు కానే కాదు. కానీ ‘635 ఎప్పుడూ శాకాహారమే’ అన్నదీ తప్పే. నంబరు ఆ పదార్థం ఏమిటో చెబుతుంది, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పదు. జనం అనుమానానికి గింజ అక్కడుంది, అది నిజమైన గింజే. 2021 డిసెంబరు 9న ఢిల్లీ హైకోర్టు, రామ్ గౌవా రక్షా దళ్ వేసిన పిటిషన్ మీద, ఆహార పదార్థాల్లో వాడినవన్నీ కోడ్ నంబర్లతోనే కాకుండా మొక్క నుంచో జంతువు నుంచో ప్రయోగశాలలోనో వచ్చాయని కూడా చెప్పాలని ఆదేశించింది. ఆ తీర్పులో ఉదాహరణగా వచ్చింది సరిగ్గా ఈ 631, అంటే డైసోడియం ఇనోసినేటే. ఫార్వర్డ్ పంపినవాళ్లను మూర్ఖులని అనుకునేవాళ్లు ఒకసారి అది చదవాలి.

మన నిబంధనల్లో మాంసాహారం అన్న మాట కూడా విశాలంగానే ఉంది. పాలు, పాల పదార్థాలు, తేనె లాంటి కొన్నిటిని వదిలేస్తే, జంతువు నుంచి వచ్చిన ఏ పదార్థం కలిసినా గోధుమరంగు గుర్తు వేయాల్సిందే. 635 చేప నుంచి తీసింది అయితే పంది పుకారు అబద్ధమే అవుతుంది గానీ, మా ఆకుపచ్చ చుక్క కూడా అబద్ధమే అవుతుంది. అప్పుడు మా పని పుకారు ఖండించడం కాదు, సరుకు వెనక్కి తెప్పించడం. ఈ మాట అన్నతో శుక్రవారమే చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది, అయినా ‘అట్టనే కానీండి’ అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

శనివారం షెడ్డులో కూర్చుని వెనక్కి నడిచాం. ఫోటోలోని పాకెట్ బ్యాచ్ నంబరు మసకగా ఉన్నా పెద్దది చేస్తే చదవగలిగాం. ఆ రోజు ఉత్పత్తి రిజిస్టరు తీస్తే, వేయించిన మురుకుల మీద తిరిగే డ్రమ్ములో చల్లిన మసాలా ఏ సంచిలోదో ఉంది. వంద కిలోల మురుకులకు ఆరు కిలోల మసాలా. ఆ మసాలాలో 635 అర శాతం. అంటే వంద కిలోలకు ముప్పై గ్రాములు.

ఈ లెక్క వినగానే అన్న, ‘ఇంత చిటికెడే గదా సార్, ఇదే రాద్దాం’ అన్నారు. వద్దన్నాను. ఉపవాసం ఉండే ఆవిడకు, మసీదుకు వెళ్లే పెద్దాయనకు ముప్పై గ్రాములైనా మూడు గ్రాములైనా ఒకటే. చిటికెడే కలిపాం అంటే కలిపామని ఒప్పుకున్నట్టే వినబడుతుంది. పరిమాణం గురించిన జవాబు విషం పుకార్లకు పనికొస్తుంది, నిషిద్ధం పుకార్లకు కాదు.

మసాలా సంచి మీది లాట్ నంబరు పట్టుకుని మసాలా కంపెనీకి ఫోన్ చేశాం. వాళ్లు గంటలో ఒక ధ్రువపత్రం పంపారు. అందరం సంతోషించాం. సాయంత్రం తీరిగ్గా చదివితే అది 635ది కాదు, 631ది. తేదీ మా సంచి తయారైన తేదీకి ఏడాదిన్నర ముందుది. తయారీదారు పేరు కూడా వేరు. పైన ‘వెజిటేరియన్’ అన్న మాట మాత్రం పెద్దగా ఉంది. అది పెట్టేసి ఉంటే, కామెంట్లలో ఒక్క కుర్రాడు చాలు మమ్మల్ని పట్టుకోవడానికి. చిన్న కంపెనీలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సరఫరాదారుడు మోసం చేయాలని కాదు, ఫైల్లో చేతికందింది పంపేస్తాడు.

మాకు కావాల్సినవి మూడని రాసి పంపాం: మా సంచి లాట్‌లో వాడిన 635 ఏ తయారీదారుది, దాని బ్యాచ్ నంబరు ఎంత అని మసాలా కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక లేఖ; ఆ బ్యాచ్‌కు తయారీదారు ఇచ్చిన పరీక్ష పత్రం; ముడిసరుకు ఏమిటో, తయారీలో జంతు పదార్థం ఏ దశలోనైనా వాడారో లేదో చెప్పే తయారీదారు ప్రకటన. మూడింటిలోనూ నంబర్లు గొలుసులా కలవాలి. ఆదివారం అక్కడ సెలవు. సోమవారం మధ్యాహ్నం రెండున్నరకు వచ్చాయి. ఈసారి నంబర్లు కలిశాయి. ముడిసరుకు దగ్గర ‘టాపియోకా స్టార్చ్’ అని ఉంది.

టాపియోకా అంటే కర్రపెండలం. ఆ మాట చదవగానే మా జవాబు దొరికిందని నాకు తెలిసింది. కార్తీక సోమవారం ఉపవాసంలో తినే సగ్గుబియ్యం చేసేది ఆ దుంపతోనే.

ల్యాబ్ పరీక్ష సంగతి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. శుక్రవారమే ఒక ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుకు మూడు పాకెట్లు పంపాం, పంది డీఎన్ఏ ఉందేమో చూసే పీసీఆర్ పరీక్షకు. అది పదో రోజున ‘లేదు’ అని వచ్చింది. వాడుకున్నాం గానీ, దాని మీదే నిలబడలేదు. పాకెట్‌లో మాంసం ముక్కో, సరిగా శుద్ధి చేయని కొవ్వో కలిస్తే ఆ పరీక్ష పట్టుకుంటుంది. 635 లాంటి బాగా శుద్ధి చేసిన పొడిలో అసలు డీఎన్ఏ మిగలదు. చేప నుంచి తీసినా, దుంప నుంచి తీసినా రిపోర్టు ఒకేలా వస్తుంది. కాబట్టి రిపోర్టు వచ్చాక పెట్టిన పోస్టులో ‘ల్యాబ్ తేల్చింది’ అని రాయలేదు. ‘మురుకుల్లో పంది మాంసం, కొవ్వు కలిశాయా అని చేయించిన పరీక్షలో ఆనవాళ్లు లేవు, 635 మూలం మాత్రం కాగితాల వల్ల తెలిసింది’ అని రెండూ విడగొట్టి రాశాం. ఇంత వివరం ఎవరు చదువుతారని అడిగారు. ఒంగోలులో ఒక ఫుడ్ టెక్నాలజీ చదివే అమ్మాయి చదివింది. ఆ వాక్యాన్నే కోట్ చేసి, వీళ్లు నిజం చెబుతున్నారు అని కామెంట్ పెట్టింది. మేం రాసిన ఏ మాటకన్నా ఆ కామెంటే ఎక్కువ పనిచేసింది.

సోమవారం ఐదుకు పెట్టిన బొమ్మలో ఉన్న మాటలు ఇవి, అక్షరం మార్చకుండా:

‘మా మసాలా మురుకుల్లోని 635ను కర్రపెండలం పిండి పులియబెట్టి తీశారు. సగ్గుబియ్యం చేసే దుంప అదే. ఇది జంతువు నుంచి వచ్చిందని తిరుగుతున్న మాట మా పాకెట్ విషయంలో నిజం కాదు. 635ను కొన్ని చోట్ల చేప, మాంసం నుంచి కూడా తీస్తారు, అందుకే మీరు అడగడం న్యాయమే. బ్యాచ్ నంబర్లతో కాగితాలు కింద ఉన్నాయి. కళ్లతో చూడాలంటే మా షెడ్డుకు రండి.’

కింద తేదీ, ఫోన్ నంబరు. బొమ్మలో ఎర్ర సున్నా లేదు, పంది అన్న మాట లేదు. మొదటి వాక్యంలోనే నిజం, మధ్యలో ఒక్కసారి పుకారు ప్రస్తావన, మళ్లీ నిజం. పెద్ద అక్షరాలతో ‘పంది కొవ్వు లేదు’ అని రాస్తే, వేలితో తోసుకుంటూ పోయేవాడి కంట్లో పడేది పంది, కొవ్వు అన్న రెండు మాటలే. మాటలన్నీ బొమ్మ లోపలే ఉంచాం. విడిగా రాస్తే ఫార్వర్డ్ చేసేటప్పుడు బొమ్మ ఒక దారి, మాట ఒక దారి అవుతాయి. కంపెనీ ఫోన్లలో అన్నిటికన్నా తక్కువ ధరది తీసుకుని, దాని తెర మీద పెద్దది చేయకుండా చదవగలమా లేదా అని నాలుగుసార్లు చూసుకున్నాం. మొదటి మూడు బొమ్మలు అందులో తప్పాయి.

‘చేప, మాంసం నుంచి కూడా తీస్తారు’ అన్న వాక్యం కోసం అన్నతో గంటసేపు వాదన. మన గోతి మనమే తవ్వుకోవడం కాదా అన్నారు. కాదని నా నమ్మకం. ఆ సంగతి నెట్‌లో వెతికితే రెండు నిమిషాల్లో దొరుకుతుంది. మనం చెప్పకపోతే మరొకరు చెబుతారు, అప్పుడు మిగతా జవాబంతా కూలిపోతుంది. మనమే చెబితే, మన కాగితం ఎందుకు అవసరమో వాళ్లకే అర్థమవుతుంది.

ఆ బొమ్మతో పాటు అన్న గొంతుతో నలభై సెకన్ల వాయిస్ కూడా పంపాం. స్టూడియోలో కాదు, షెడ్డు బయట నిలబడి, ఆయన యాసలోనే. ‘మా ఇంట్లో పిల్లకాయలు తినేదీ ఈ పాకెట్టే’ అన్న ముక్క నేను రాసిచ్చింది కాదు. కొట్టువాళ్లకు బొమ్మకన్నా ఆ గొంతే నచ్చింది. బేరం మధ్యలో కస్టమరు అడిగితే ఫోన్ తీసి వినిపించేవాళ్లు.

వాట్సాప్ గ్రూపుల్లో ఏం నడుస్తోందో కంపెనీకి కనబడదు. ఎవరు మొదలుపెట్టారో తెలుసుకునే దారి మనకు లేదు. అందుకని లైన్‌కు వెళ్లే ఏడుగురు కుర్రాళ్లకు చిన్న నోటు పుస్తకాలిచ్చాం. ఏ కొట్టులో, ఎవరు, ఏ మాటల్లో అడిగారో రాయమన్నాం. ‘పుకారు విన్నారా’ అని మాత్రం అడగొద్దని గట్టిగా చెప్పాం. అలా అడిగితే వినని వాళ్లకు మనమే వినిపించినట్టు. మూడు రోజుల పుస్తకాలు పక్కపక్కన పెడితే తిరుగుతున్నది ఒక పుకారు కాదని తెలిసింది. నెల్లూరు టౌనులో కార్తీకం మాటతో ఫోటో. కొన్ని పేటల్లో అదే ఫోటోకు కార్తీకం మాట పోయి హరామ్ అన్న మాట వచ్చింది. అల్లూరు వైపు ఒక ఇంగ్లీషు జాబితా, ‘E100’ నుంచి మొదలై చాలా నంబర్లు, అన్నీ పంది కొవ్వే అని.

ఆ మూడో దానికి విడిగా జవాబు కావాలి. ఆ జాబితా ఈ పాకెట్ కోసం పుట్టింది కాదు, ఏళ్లుగా ఎక్కడెక్కడో తిరుగుతున్నది. అందులో మొదటిదైన 100 అంటే కర్‌క్యుమిన్, మన పసుపులోని రంగు. 440 అంటే పండ్ల నుంచి తీసే పెక్టిన్. ఆ రెండూ చూపిస్తే జాబితా రాసినవాడికి ఏమీ తెలియదని ఎవరికైనా అర్థమవుతుంది. అక్కడే ఆగాం. జాబితా మొత్తం అబద్ధమని అనలేదు, ఎందుకంటే అదే జాబితాలో పురుగు నుంచి తీసే ఎర్ర రంగు 120, ఎముకల నుంచి వచ్చే 542 కూడా ఉన్నాయి. వాటి విషయంలో జాగ్రత్త పడేవాళ్లది తప్పు కాదు.

కామెంట్ల దగ్గరికి వస్తే, ఊరి వార్తలు పెట్టే ఒక ఫేస్‌బుక్ పేజీలో రెండు రోజుల్లో రెండు వందలు దాటాయి. అన్నిటికీ జవాబివ్వలేదు. అడిగినవాళ్లకే ఇచ్చాం, పేరు పెట్టి, గారు చేర్చి, ఒక్కొక్కరికి వాళ్లడిగిన దానికే. ఒకే జవాబును నలభై చోట్ల అతికిస్తే అద్దెకు తెచ్చుకున్న మనుషుల్లా కనబడతాం. తిట్టినవాళ్లను వదిలేశాం. మా పేజీలో కూడా దేన్నీ చెరపలేదు. ‘మా పిల్లోడికి ఈ పాకెట్ తిన్నాక కడుపునొప్పి’ అని ఒక తల్లి రాసిన కామెంటును మాత్రం పుకారుతో కలపలేదు. అది నిజమైన ఫిర్యాదు. ఆమెకు ఫోన్ చేసి, బ్యాచ్ నంబరు తీసుకుని, ఆ బ్యాచ్ నూనె, తేమ రికార్డులు చూసి, మిగిలిన పాకెట్ తెప్పించుకుని విడిగా నడిపాం. అలజడి వేళ నిజం ఫిర్యాదును కూడా పుకారు కింద కొట్టేయడం నేను వేరే చోట చూశాను. అది మంచిది కాదు.

అన్నకు ఒక పోటీ కంపెనీ మీద అనుమానం. డీలర్ల మీటింగులో ఆ పేరు అనబోతే ఆపాను. ఆధారం లేదు. ఆధారం లేకుండా అంటే మనమూ ఒక పుకారు పుట్టించినవాళ్లమే. పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాం, తెలియని వ్యక్తుల మీద, స్క్రీన్‌షాట్లు జతచేసి. అది రికార్డు కోసం. బయట ఎక్కడా దాని గురించి చెప్పలేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది బుధవారం. మాగుంట లేఅవుట్‌లో ఒక అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ ఫోటో పెట్టింది ఒక రిటైర్డ్ టీచరమ్మ అని కొట్టతను చెప్పాడు. ఫోన్ చేసి, రావచ్చా అమ్మా అని అడిగితే రమ్మన్నారు. అన్న, నేను వెళ్లాం. ఆవిడ భయపడతారని లాయరు మాటలేవీ ఎత్తకూడదని ముందే అనుకున్నాం. ఆవిడ భయపడలేదు. కళ్లజోడు మార్చుకుని, పాకెట్ తెప్పించి, భూతద్దం తీసి, పదార్థాల జాబితా చదవడానికి ప్రయత్నించారు. రెండు నిమిషాల తర్వాత పాకెట్ బల్ల మీద పెట్టి అన్నతో అన్నారు: ‘నాయనా, నలభై ఏళ్లు పిల్లల రాతలు దిద్దాను. నీ పాకెట్ మీది రాత నాకు కనబడ్డంలా. కనబడనీకుండా రాశావంటే ఏదో దాస్తున్నావనే అనుకుంటాను.’

అన్న కాగితాలు చూపించారు. ఆవిడ నంబర్లు ఒక్కొక్కటీ వేలు పెట్టి కలుపుకున్నారు, పాకెట్ నుంచి సంచికి, సంచి నుంచి లేఖకు. కర్రపెండలం దగ్గర ఆగి, సగ్గుబియ్యందేనా అని అడిగారు. తర్వాత ఏం చేయమంటావు అన్నారు. గ్రూప్ అడ్మిన్ తలచుకుంటే ఆ ఫోటోను అందరి ఫోన్లలోంచి తీసేయవచ్చు. మేం అది అడగలేదు. ఫోటో మాయమైతే, ఎవరో ఫోన్ చేసి తీయించారన్న మాట మిగులుతుంది. ఆ ఫోటోకే జవాబుగా మా బొమ్మ పెట్టి, మీకు ఏమనిపించిందో మీ మాటల్లోనే రాయండి అని అడిగాం. ఆవిడ రాసింది రెండే లైన్లు: ‘నేను పంపింది తప్పు. కాగితాలు స్వయంగా చూశాను. పాకెట్ మీద అక్షరాలు పెద్దవి చేయమని చెప్పాను, చేస్తామన్నారు.’ ఆ రెండు లైన్లు వారం తిరక్కుండా మా డీలర్ల గ్రూపుకే ఫార్వర్డ్ అయి తిరిగొచ్చాయి, వేరే ఊరి నుంచి.

హరామ్ అన్న మాట నడిచిన పేటల్లో మేం నేరుగా వెళ్లలేదు. అక్కడ ఇరవై ఏళ్లుగా మా సరుకు అమ్ముతున్న ఒక కొట్టు యజమాని, కాగితాలు తీసుకుని మసీదు పెద్దలకు చూపించారు. వాళ్లు ఇంకో మంచి ప్రశ్న అడిగారు: పులియబెట్టడంలో సూక్ష్మజీవులకు మేతగా ఏం వేశారు? మాకు తెలియదు, అడిగి చెబుతామన్నాం. తయారీదారు నుంచి జవాబు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది, మేత కూడా మొక్కల నుంచి వచ్చిందేనని. అప్పటిదాకా ఆ కొట్లలో సరుకు ఆగింది. తొందరపెట్టలేదు.

ఫలితం సంగతి. మొదటి వారంలో స్టోన్‌హౌస్‌పేట నుంచి ముప్పై ఎనిమిది పెట్టెలు వెనక్కి వచ్చాయి. రెండో వారంలో ఆరు. ఐదో వారానికి మసాలా మురుకుల ఆర్డర్లు దాదాపు పాత స్థాయికి చేరాయి. ‘దాదాపు’ అని ఎందుకంటున్నానంటే రెండు స్కూలు క్యాంటీన్లు ఇప్పటికీ తీసుకోవడం లేదు. నిజమేనని వాళ్లకు తెలుసు. తల్లిదండ్రులతో మళ్లీ ఆ మాట ఎత్తడం ఇష్టం లేదంతే. ఆ ఫోటో చచ్చిపోలేదు కూడా. రంజాన్ ముందు మళ్లీ వచ్చింది. ఈసారి మాకు తెలిసేలోపే రెండు గ్రూపుల్లో ఎవరో మా బొమ్మ కింద పెట్టేశారు.

కొత్త పాకెట్ ప్లేట్లలో జాబితా అక్షరాలు పెద్దవి చేశాం. ‘ఫ్లేవర్ ఎన్‌హాన్సర్ (ఐఎన్ఎస్ 635, కర్రపెండలం నుంచి)’ అని తెలుగులో కూడా వేశాం. ఆ మాట వేశాక ఒక కట్టుబాటు వచ్చి పడింది. మసాలా కంపెనీ రేపు వేరే తయారీదారు దగ్గర కొంటే మా పాకెట్ అబద్ధం అవుతుంది. అందుకని ప్రతి లాట్‌తో పాటు మూలం తెలిపే లేఖ రాకపోతే సంచి దింపుకోవద్దని గేటు దగ్గర రిజిస్టరులో రాశాం. మొదటి నెలలోనే ఒక లోడు అలా వెనక్కి వెళ్లింది. ఆ రోజు మురుకుల లైన్ ఆగింది.

జనవరిలో అల్లూరు నుంచి ఒకావిడ పాకెట్ మీది నంబరుకు ఫోన్ చేశారు. మురుకుల సంగతి తెలుసండీ, మీ కేక్ రస్కులో 471 అని ఉందే, అది దేన్నుంచి అని. 471 అంటే కొవ్వు ఆమ్లాల మోనో, డైగ్లిజరైడ్లు. ఇది నిజంగానే కొవ్వు నుంచి వచ్చేది, పామాయిల్ నుంచీ తీయవచ్చు, జంతువుల కొవ్వు నుంచీ తీయవచ్చు. ఫైలు తీసి చూశాం. రస్కుకు వాడే కేక్ జెల్ డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉంది, అంతకుమించి మా దగ్గర కాగితం లేదు. అన్న ఆవిడకు తనే ఫోన్ చేసి, ‘అమ్మా, మాకు ఇంకా తెలీదు, తెలిసిందాకా రస్కు చెయ్యం’ అన్నారు. పదకొండు రోజులు చేయలేదు.